అతిమధురం: పది గ్రాములు, ఐదు పొట్లాలు, ఐదు రోజులు

మంచు పడడం మొదలయ్యాక విజయనగరంలో మా మందుల షాపుకి వచ్చేవాళ్లలో సగం మంది నోటితో కంటే చేత్తోనే ఎక్కువ మాట్లాడతారు. గొంతు మీద వేలు పెట్టి చూపించి, తల అడ్డంగా ఊపుతారు. వాళ్లలో ఒకరిద్దరు మాత్రం మాత్రలు వద్దని, "అతిమధురం ఉందామ్మా?" అని అడుగుతారు. మా దగ్గర ఉండదు. మూలికలమ్మే కొట్టుకి వెళ్లమని చెప్తాను. చెప్పి ఊరుకోను. ఎంత కొనాలో, ఎన్నాళ్లు వాడాలో, బీపీ ఉందో లేదో కూడా అడుగుతాను. "ఉత్త ఎండు వేరు కదమ్మా, దానికేటి అంత లెక్క" అంటారు. లెక్క ఎందుకో మా మావయ్యని చూశాక నాకు బాగా తెలిసింది. ఆ సంగతి కాసేపట్లో చెప్తాను. ముందు వాడే పద్ధతి చూద్దాం.

ముందుగా: మీరు వాడొచ్చా?

దగ్గు మొదలవగానే కొట్టుకి పరుగెత్తకండి. ముందు బీపీ చూపించుకోండి. అయిదు నిమిషాలు కుర్చీలో వెనక్కి ఆనుకుని, పాదాలు నేల మీద ఆనించి కూర్చోవాలి. ఆ ముందు అరగంటలో టీ, కాఫీ, చుట్ట ఏవీ ఉండకూడదు. పట్టీ చొక్కా మీద కాకుండా చేతి మీదే కట్టాలి. ఒకసారి చూశాక రెండు నిమిషాలాగి మళ్లీ చూడాలి. పైది 140 గానీ, కిందిది 90 గానీ దాటితే కషాయం ఆలోచన మానేయండి. మాత్రలు వేసుకుంటూ బీపీ అదుపులో ఉన్నవాళ్లు కూడా మానేయాల్సిందే. "ఇప్పుడు నార్మల్‌గానే ఉంది కదా" అంటారు. ఆ నార్మల్ మాత్ర తెచ్చింది, దాన్ని ఈ వేరు చెడగొడుతుంది.

గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, కాళ్ల వాపుకి నీళ్ల మాత్రలు వేసుకునేవాళ్లు, డిగాక్సిన్ గానీ ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్ గానీ వాడుతున్నవాళ్లు దీన్ని మింగకూడదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లయితే అసలే కూడదు. ఇది శ్రీకాకుళం జిల్లా వాళ్లకి మరీ గట్టిగా చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు వైపు, అంటే ఉద్దానంలో, చక్కెర జబ్బూ బీపీ లేకుండానే కిడ్నీలు పాడైనవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ జబ్బు ముదిరేదాకా బయటపడదు. అందుకే ఆ ఊళ్లవాళ్లు, ఇంట్లో ఒక్కరికి కిడ్నీ జబ్బు ఉన్నా, సీరం క్రియాటినిన్ పరీక్ష చేయించుకోకుండా అతిమధురం కషాయం జోలికి పోవద్దని నా మాట.

చిన్నపిల్లలకి పుల్ల నమలడానికి ఇవ్వకండి. పీచు గొంతులో అడ్డం పడుతుంది.

కొనడం

కొట్టులో అతిమధురం అన్నా, యష్టిమధు అన్నా, హిందీవాళ్ల పేరు ములేఠీ అన్నా ఇచ్చేది ఒకటే. ఎక్కువగా అఫ్గానిస్తాన్, ఇరాన్, మధ్య ఆసియా వైపు నుంచి వచ్చే ఎండు వేరు అది. పైన గోధుమరంగు ముడతల తొక్క ఉంటుంది. విరిస్తే లోపల పసుపుపచ్చగా, పీచుపీచుగా కనబడుతుంది. చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుంటే పంచదారలా వెంటనే తీపి తెలియదు. కాస్త ఆలస్యంగా వస్తుంది, వచ్చాక ఎంతసేపటికీ పోదు. ఆ తీపి గ్లైసిరైజిన్ అనే పదార్థానిది. అది పంచదార కంటే ముప్పై నుంచి యాభై రెట్లు తియ్యన. ఈ పేరు గుర్తుంచుకోండి, గొడవంతా దీంతోనే.

పుల్లలో సన్నని పురుగు రంధ్రాలున్నా, ముక్కిన వాసన వచ్చినా వద్దనండి. పొడి కొనొద్దు. అందులో ఏం కలిసిందో కంటికి తెలీదు, చెంచాతో తీస్తే తూకమూ తెలీదు.

ఇంకో మాట. మన కంచెల్లో, తుప్పల్లో పెరిగే గురివింద తీగ ఆకూ వేరూ కూడా తియ్యగానే ఉంటాయి. "ఇదీ అతిమధురమే, మా తాత వాడేవాడు" అని తవ్వి తెచ్చేవాళ్లు పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. ఎర్రటి ఒంటి మీద నల్లమచ్చ ఉండే ఆ గురివింద గింజలో అబ్రిన్ అనే విషం ఉంది. గింజ నలిగి కడుపులోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. ఆ తీగతో ఇంటివైద్యం వద్దు.

ఇప్పుడు అసలు చిట్కా. కొట్టువాడు వంద గ్రాముల ప్యాకెట్ చేతిలో పెడతాడు, "నిలవుంటాదమ్మా" అని కూడా అంటాడు. తీసుకోకండి. పది గ్రాములే తూచమనండి, ముఖం చిట్లించినా సరే. ఇంటికొచ్చాక ఆ పుల్లల్ని చిన్న రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. మెత్తగా కాదు, పీచు విడిపోతే చాలు. దాన్ని కంటిచూపుతోనే ఐదు సమానమైన కుప్పలు చేసి, ఐదు కాగితం పొట్లాలు కట్టండి. పొట్లానికి రెండు గ్రాములు, రోజుకి ఒక పొట్లం. ఐదు పొట్లాలు అయిపోయాయంటే వైద్యం అయిపోయినట్టే. మళ్లీ కొనేది లేదు.

ఈ రెండు గ్రాములు ఎక్కణ్ణుంచి వచ్చాయో చెప్తాను. ఐరోపా ఆహార నిపుణుల కమిటీ 2003లో పెద్దవాళ్లకి రోజుకి 100 మిల్లీగ్రాముల గ్లైసిరైజిన్ మించకూడదని గీత గీసింది. మంచి వేరులో నూటికి నాలుగు పాళ్లయినా గ్లైసిరైజిన్ ఉంటుంది. అంటే రెండు గ్రాముల్లో దాదాపు 80 మిల్లీగ్రాములు. గీతకి ఇవతల ఉన్నాం. కానీ కొన్ని వేర్లలో దీనికి రెట్టింపు కూడా ఉంటుంది, పుల్లని చూసి ఆ తేడా చెప్పలేం. తూకం ఒక్కటే చాలదు, రోజులు కూడా తగ్గించాలనేది అందుకే.

ఆ గీత కూడా రాతిగోడేం కాదు. స్వీడన్‌లో ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లకి రెండు వారాలు రోజూ సరిగ్గా ఆ 100 మిల్లీగ్రాములే ఇచ్చి చూశారు. 2024లో ఫలితాలు అచ్చయ్యాయి. పై బీపీ సగటున మూడు పాయింట్లు పెరిగింది. ఇరవై అయిదేళ్లవాడికి మూడు పాయింట్లు లెక్కలోకి రావు. అరవై అయిదేళ్లాయనకి రోజుకి ఐదింతలు పడితే ఏమవుతుందో చూడ్డానికి మాకు స్వీడన్ దాకా వెళ్లాల్సిన పని లేకపోయింది.

గొంతు నొప్పికి: పుక్కిలించి ఉమ్మండి

గొంతు గరగర, మంట, మింగితే నొప్పి, ఇంతవరకే అయితే కషాయం తాగాల్సిన పనే లేదు. ఈ పద్ధతి అన్నిటికంటే ముందు చెప్పాలి, కానీ ఎవరూ చెప్పరు.

పొట్లంలో సగం, అంటే ఒక గ్రాము, చిన్న గిన్నెలో వేసి అరగ్లాసు కంటే కాస్త ఎక్కువ నీళ్లు పొయ్యండి. మరుగు వచ్చాక మంట తగ్గించి, మూతపెట్టి ఐదు నిమిషాలు ఉంచండి. నీళ్లు లేత తేనెరంగుకి వస్తాయి, కాస్త నురగ కూడా కడుతుంది. పల్చటి గుడ్డలో వడగట్టండి. సన్నపీచు గొంతులో పడితే ఉన్న దగ్గు పదింతలవుతుంది, కాబట్టి టీ జల్లెడని నమ్మొద్దు. గోరువెచ్చగా అయ్యాక ఒక గుక్క తీసుకుని, తల వెనక్కి వాల్చి, ముప్పై అంకెలు లెక్కపెట్టేదాకా గొంతులో గరగరలాడించి ఉమ్మేయండి. మళ్లీ ఇంకో గుక్క. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఇలాగే చెయ్యాలి. తర్వాత అరగంట ఏమీ తాగొద్దు. మిగతా సగం పొట్లం సాయంత్రానికి.

ఇది నా కల్పన కాదు. ఆపరేషన్లో మత్తిచ్చి గొంతులోకి గొట్టం వేస్తారు కదా, తర్వాత రెండురోజులు గొంతు మండిపోతుంది. లక్నోలో మత్తు డాక్టర్లు ఆపరేషన్‌కి కాస్త ముందు అర గ్రాము అతిమధురం ముప్పై మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి రోగులతో అర నిమిషం పుక్కిలింపించారు. ఉత్త నీళ్లు పుక్కిలించినవాళ్ల కంటే వీళ్లకి గొంతు నొప్పీ దగ్గూ తగ్గాయని 2009లో రాశారు. నాలుగేళ్ల తర్వాత వియన్నాలో ఇంకా ఎక్కువమంది మీద చూసినా నొప్పి విషయంలో అదే తేలింది. అది గొట్టం రాపిడి వల్ల వచ్చిన నొప్పి, జలుబు నొప్పి కాదు. అయినా గొంతు పొరకి ఈ నీళ్లు హాయినిస్తాయనడానికి అంతకంటే మంచి రుజువు నాకు దొరకలేదు.

ఉమ్మేయమని ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, గ్లైసిరైజిన్ గొంతులో ఉన్నంతసేపు గొంతుకి మంచిదే. కడుపు దాటి పేగులోకి చేరాకే అది వేషం మారుస్తుంది.

దగ్గుకి: అరగ్లాసు చొప్పున రెండు పూటలు

రాత్రి పడుకోగానే మొదలై నిద్రపోనివ్వని పొడిదగ్గుకి, కళ్లె తెగక సతాయించే దగ్గుకి కషాయం పనికొస్తుంది. అది పొరమీద జిగురులా పరుచుకుని దురద ఆపుతుంది, ఆ తీపికి లాలాజలం బాగా ఊరి గొంతు తడారదు. అంతకుమించి మహిమలేం లేవు. సూక్ష్మక్రిముల్ని చంపి జబ్బు నయం చేస్తుందని నమ్మకండి.

సగం పొట్లం గ్లాసులో వేసి, అరగ్లాసు మరిగే నీళ్లు పోసి, మూతపెట్టి పావుగంట వదిలేయండి. వడగట్టి గోరువెచ్చగా, కొంచెం కొంచెంగా తాగండి. గటగటా తాగేస్తే గొంతులో నిలిచేదేముంటుంది? ఉదయం ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి. తేనె, బెల్లం వేయక్కర్లేదు, దానికే బోలెడు తీపి. అల్లం చిన్నముక్క, మిరియాలు రెండు వేసుకుంటే అభ్యంతరం లేదు.

ఆరోజు పుక్కిలించడమూ ఉంటే దానికి కూడా అదే పొట్లంలోంచి తీయాలి. పొట్లం మాత్రం రోజుకి ఒకటే.

ఇక్కడే చాలామంది జారిపోతారు. కషాయం పొట్లం లెక్కపెట్టి తాగుతారు, దాంతోపాటు ఆయుర్వేద దగ్గు సిరప్ రెండు మూతలు, నోట్లో చప్పరించే బిళ్లలు నాలుగు, పైన మూలికల టీ ఒకటి. సీసా వెనక చిన్న అక్షరాలు చదవండి. యష్టిమధు అనో, ఇంగ్లీషులో గ్లైసిరైజా గ్లాబ్రా అనో ఉంటే అదీ అతిమధురమే. ఒకేసారి ఒకటే పెట్టుకోండి.

మూడోరోజు, ఐదోరోజు బీపీ మళ్లీ చూడండి. మొదటిరోజు కంటే పది పాయింట్లు పెరిగి, రెండోసారి చూసినా అలాగే ఉంటే మిగిలిన పొట్లాలు చెత్తబుట్టలో వేసేయండి.

మా మావయ్య సంగతి

మావయ్య రిటైరైన తెలుగు మాస్టారు. భజన మండలి ఆయనదే. నెలగంట పెట్టిన రోజు నుంచి భోగి దాకా, తెల్లవారుజామున నాలుగింటికే లేచి వీధులు తిరిగి పాడతారు. ఆ మంచుకి మూడోరోజుకే గొంతు పట్టేసింది. మన ఊరు పాటగాళ్ల ఊరు, ఇక్కడ పాడేవాళ్ల జేబులో అతిమధురం పుల్ల ఉండడం కొత్తేం కాదు. మండలిలో ఎవరో ఒక పుల్ల ఇచ్చారు. గొంతు తెరుచుకుంది. ఇక చూస్కోండి. లేవగానే ఒక పుల్ల, పాటకి ముందు ఒకటి, మధ్యాహ్నం కునుకు తీశాక ఒకటి, టీవీ చూస్తూ ఒకటి. రాత్రి పాలలో చెంచాడు పొడి.

మూడోవారంలో చెప్పుల వారు పాదం మీద గాడిలా ముద్ర వేస్తోందని అత్త గమనించింది. సాయంత్రానికి చీలమండల దగ్గర వేలుపెట్టి నొక్కితే గుంట పడుతోంది. రాత్రి పిక్కలు పట్టేసి లేచి కూర్చుంటున్నారు. మావయ్య నాకు చెప్పలేదు. పక్కింటాయన వాడే నీళ్ల మాత్ర అడిగి తెచ్చుకుని మూడురోజులు వేసుకున్నారు. వాపు తగ్గింది, కానీ మెట్లెక్కుతుంటే తొడల్లో సత్తువ లేకుండా పోయింది. అప్పుడొచ్చారు షాపుకి.

బీపీ 172/100. మామూలుగా ఆయనది 130/80 దాటదు.

"ఏటైనా కొత్తగా తింటున్నారా మావయ్యా?" అనడిగాను. ఏం లేదన్నారు. ఉప్పు? మామూలే. నొప్పి మాత్రలు? లేవు. ఆస్పత్రికి తీసుకెళ్లాను. ఈసీజీలో తేడా కనబడింది. రక్తపరీక్షలో పొటాషియం 2.8 వచ్చింది, 3.5కి తగ్గకూడదు. డాక్టరు మందులన్నీ ఒక్కొక్కటే అడుగుతున్నారు. ఈయన జవాబు చెప్పడానికి ఒంగేసరికి చొక్కాజేబులోంచి పుల్ల జారి టేబుల్ మీద పడింది. డాక్టరు దాన్ని తీసి వాసన చూసి, "ఇదెంత తింటున్నారు మాస్టారూ?" అన్నారు.

"ఆ ఎండుపుల్ల నన్నేటి చేస్తాది డాక్టరుగారూ, అది మందు కాదు కదా" అన్నారు మావయ్య.

లెక్క వేస్తే తేలింది. వంద గ్రాముల ప్యాకెట్ ఎనిమిదిరోజులకి అయిపోతోంది. అంటే రోజుకి పన్నెండు గ్రాములపైనే. నూటికి నాలుగు పాళ్లనుకున్నా 480 మిల్లీగ్రాముల గ్లైసిరైజిన్. గీతకి దాదాపు ఐదింతలు, ఒకరోజు కాదు, మూడువారాలు. నమిలి పీచు ఉమ్మేస్తున్నానుగా అన్నారు. పీచు ఉమ్మినా రసం మింగుతున్నారుగా.

లోపల జరిగేది

పెళ్లి పంక్తి ఒకటి ఊహించుకోండి. కిడ్నీలో కొన్ని విస్తళ్లు ఆల్డోస్టెరోన్ అనే హార్మోను కోసమే వేసి ఉంటాయి. అది వచ్చి కూర్చుంటే కిడ్నీ ఉప్పునీ నీటినీ ఒంట్లో నిలిపి, బదులుగా పొటాషియంని మూత్రంలోకి పంపేస్తుంది. ఒంటికి ఎంత కావాలో అంతే ఆల్డోస్టెరోన్ వస్తుంది, అంతే పని జరుగుతుంది.

చిక్కేంటంటే, కార్టిసాల్ అనే ఇంకో హార్మోను కూడా ఆ విస్తళ్ల ముందు కూర్చోగలదు. రక్తంలో అది ఆల్డోస్టెరోన్ కంటే వంద రెట్లకు పైనే ఉంటుంది. పంక్తిలోకి దాన్ని రానిస్తే అసలు చుట్టానికి చోటే ఉండదు. అందుకని కిడ్నీ గుమ్మంలో ఒక ఎంజైమ్‌ని కాపలా పెట్టుకుంది. దాని పేరు 11-బీటా-హెచ్ఎస్‌డి2, నోరు తిరక్కపోయినా ఫర్వాలేదు. కార్టిసాల్ రాగానే దాన్ని కార్టిసోన్‌గా మార్చేస్తుంది. కార్టిసోన్‌కి ఆ విస్తరి ముందు కూర్చునే అర్హత లేదు.

మనం మింగిన గ్లైసిరైజిన్‌ని పేగుల్లోని బాక్టీరియా గ్లైసిరెటినిక్ ఆమ్లంగా మారుస్తుంది. అది రక్తంలో కలిసి కిడ్నీకి చేరి, ఆ కాపలాదారుణ్ణి పని చేయనివ్వదు. కార్టిసాల్ గుంపుగా వచ్చి పంక్తి నిండా కూర్చుంటుంది. ఉప్పు నిలుస్తుంది, ఉప్పుతో నీరు నిలుస్తుంది, బీపీ పెరుగుతుంది, కాళ్లు వాస్తాయి. పొటాషియం మూత్రంలో పోతూనే ఉంటుంది. కండరాలకి, గుండె కొట్టుకునే లయకి పొటాషియం ఆధారం. పిక్కలు పట్టేయడం, తొడల్లో నీరసం, ఈసీజీలో తేడా అన్నీ అక్కడివే. దీనికితోడు మావయ్య వేసుకున్న నీళ్ల మాత్ర కూడా పొటాషియంని బయటికి తోసే రకమే. వాపు తగ్గడం చూసి మంచి జరిగిందనుకున్నారు, పొటాషియం మరింత అడుగంటింది.

ఇలాంటి రోగికి రక్తంలో ఆల్డోస్టెరోన్ పరీక్ష చేస్తే పెరిగి ఉండదు, తగ్గి ఉంటుంది. లక్షణాలన్నీ అది ఎక్కువైనట్టే ఉంటాయి. ఈ వేరు సంగతి అడగని డాక్టరు తికమకపడేది అక్కడే. నెదర్లాండ్స్‌లో రెవర్స్ అనే డాక్టరు కడుపులో పుండుకి అతిమధురం సారం ఇచ్చి, కొందరికి ముఖమూ కాళ్లూ వాయడం గమనించి 1946లోనే రాశాడు. ఎనభై ఏళ్ల కిందటి మాట. అయినా మనకి ఇది ఇంకా "ఉత్త వేరే కదా".

ఎక్కువైందని తెలిస్తే

వెంటనే ఆపండి. వేరు, సిరప్, బిళ్లలు అన్నీ. ఆపిన మర్నాడే బీపీ దిగిపోతుందని మాత్రం అనుకోకండి. ఆ ఆమ్లం కాలేయం నుంచి పైత్యరసంలో కలిసి మళ్లీ పేగులోకి వచ్చి మళ్లీ రక్తంలోకి పోతూ తిరుగుతుంది. మలబద్ధకం ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువకాలం తిరుగుతుంది. కాపలాదారు పూర్తిగా తేరుకోవడానికి ఒకటి రెండు వారాలు పట్టొచ్చు. ఆ రోజుల్లో ఆవకాయ, ఎండుచేప, అప్పడాలు పక్కన పెట్టండి. కొత్తగా బీపీ మాత్రలు సొంతంగా మొదలెట్టకండి, నీళ్ల మాత్రలైతే అసలే వద్దు.

పొటాషియం తగ్గిందని ఎవరైనా చెప్తే కొబ్బరినీళ్లు కుండలు కుండలు తాగేయడం మనవాళ్ల అలవాటు, పైగా ఉద్దానం కొబ్బరి సీమ. కిడ్నీ బాగా లేనివాళ్లకి ఆ కొబ్బరినీళ్లే పొటాషియంని ప్రమాదం దాకా పెంచేస్తాయి. రక్తపరీక్ష చేయించి, ఎంత తగ్గిందో చూసి, డాక్టరు ఇచ్చిన సిరప్ ఇచ్చిన లెక్కలోనే తాగాలి. గుండె దడదడలాడినా, తప్పి తప్పి కొట్టుకుంటున్నట్టున్నా, కళ్లు తిరిగినా, కాళ్లు చేతులు లేవకపోయినా ఇంట్లో కూర్చుని చూసే పని కాదు, 108కి ఫోన్ చేయండి. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు మందుల చీటీతోపాటు ఆ పుల్లనీ, సీసానీ కూడా పట్టుకెళ్లండి. పేరు చెప్పడం కంటే చూపించడం తేలిక.

అతిమధురంతో సంబంధం లేకుండా కూడా డాక్టరు దగ్గరికి పోవాల్సిన దగ్గులు, గొంతు నొప్పులు ఉన్నాయి. మూడురోజులు దాటినా జ్వరం తగ్గకపోవడం, ఉమ్మి కూడా మింగలేకపోవడం, ఊపిరి అందకపోవడం, కళ్లెలో రక్తపు చార. రెండు వారాలు దాటిన దగ్గయితే ఐదు పొట్లాల తర్వాత ఆరో పొట్లం కట్టకండి. దగ్గర్లో ఉన్న ప్రభుత్వాసుపత్రిలో టీబీ కోసం కళ్లె పరీక్ష చేయించుకోండి, డబ్బులు తీసుకోరు.

మావయ్యని మూడురోజులు ఆస్పత్రిలో ఉంచి పొటాషియం ఎక్కించారు. ఇంటికొచ్చాక ఇంకో పదిరోజులు సిరప్. మూడువారాలకి బీపీ 134/82కి దిగింది, పొటాషియం 4.1. బీపీ మాత్ర ఒక్కటి కూడా మొదలెట్టాల్సిన పని పడలేదు. ఆ ఏడు భోగిమంట దగ్గర ఆయన పాట లేదు. కుర్చీలో కూర్చుని తాళం వేశారు.

మరుసటి ఏడు నెలగంట రోజున నేనే పది గ్రాములు కొని, ఐదు పొట్లాలు కట్టి ఇచ్చాను. మింగడం బంద్, పుక్కిలించి ఉమ్మడం మాత్రమే, అదీ డాక్టరు సరేనన్నాకే. తెల్లవారుజామున పెరట్లో గరగరమని శబ్దం వస్తుంది. ముప్పై లెక్క అత్త వంటింట్లోంచి పైకి చదువుతుంది. తులసికోట వైపు ఉమ్మకూడదని రూలు పెట్టింది, అరటి పాదులో ఉమ్ముతున్నారు. ఆరోరోజు మాత్రం నాకు ఫోన్ వచ్చింది.

"అమ్మాయ్, పొట్లాలైపోయాయి. ఇంకో ఐదు..."

"ఉప్పునీళ్లు పుక్కిలించండి మావయ్యా."